జ్యేష్ఠ పుత్రిక ఎక్కడ విరిగింది? వేరే కంప్యూటర్లో తెలుగు వత్తులు విడిపోవడం వెనక సంగతి

మా బావగారు చెన్నైలో, పెరంబూరులో ఇంట్లో కూర్చుని పెద్దమ్మాయి శుభలేఖ స్వయంగా టైపు చేశారు. "మా జ్యేష్ఠ పుత్రిక" అని మొదలయ్యే వాక్యం. ఫైలు వాట్సాప్‌లో పంపి, నన్ను ఆండర్సన్ వీధిలో కార్డులు వేసే ఒక షాపుకి పంపించారు. అక్కడ తెర మీద మొదట వచ్చినవి వరసగా ఖాళీ డబ్బాలు. ఆపరేటర్ కుర్రాడు ఫాంటు మార్చాడు. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి గానీ, వచ్చింది ఇదీ:

"జ్‌యేష్‌ఠ పుత్‌రిక"

"ఇది తప్పు తమ్ముడూ" అన్నాను. అతను తమిళుడు, తెలుగు చదవడం రాదు. బావగారి ఫోన్ ఫోటో పక్కన పెట్టుకుని శ్రద్ధగానే పోల్చాడు. "పుళ్ళి కరెక్టుగానే పడింది కదా సార్" అన్నాడు. అతని వైపు నుంచి చూస్తే ఆ మాటలో తప్పేమీ లేదు. తమిళంలో అచ్చులేని హల్లు మీద పుళ్ళి అనే చుక్క పెట్టి, తర్వాతి అక్షరం పక్కనే రాస్తారు. క్ష, శ్రీ లాంటి ఒకటి రెండు తప్ప అక్కడ కలిసిపోయే అక్షరాలు లేవు. కాబట్టి పొల్లు కనిపించడం తమిళ కంటికి మామూలు విషయం. మన కంటికి అది విరిగిన ఎముక.

డబ్బాలు, విరిగిన వత్తులు చూడగానే చాలామంది "ఫైలు పాడైంది, మళ్ళీ పంపండి" అంటారు. మళ్ళీ పంపితే మళ్ళీ అదే వస్తుంది. ఆ రోజు ఫైలుకి ఏమీ కాలేదు.

ఫైల్లో ఉండేది అంకెల వరస

కంప్యూటర్ తెలుగు అక్షరాన్ని బొమ్మగా దాచుకోదు. ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక సంఖ్య ఉంటుంది. ఏ గుర్తుకి ఏ సంఖ్యో ప్రపంచమంతా ఒప్పుకున్న పట్టికే యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. మనకి కేటాయించినవి U+0C00 నుంచి U+0C7F దాకా 128 గళ్ళు. ఇప్పటికీ కొన్ని ఖాళీగానే ఉన్నాయి.

యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఆపైన వత్తులు, ఇవన్నీ 128 గళ్ళలో ఎలా పట్టాయి? వత్తులకి విడిగా గళ్ళు ఇవ్వలేదు. హల్లు, పొల్లు, ఇంకో హల్లు ఈ వరసలో ఉంటే సంయుక్తాక్షరం అని ఒక ఒప్పందం. మన దేశంలో అంతకుముందే ఉన్న ఇస్కీ అనే ప్రమాణం నుంచి యూనికోడ్ ఈ పద్ధతి తీసుకుంది. బావగారు టైపు చేసిన "జ్యేష్ఠ" ఫైల్లో ఇలా ఉంటుంది:

```
జ   U+0C1C
్   U+0C4D   పొల్లు
య   U+0C2F
ే   U+0C47   ఏత్వం
ష   U+0C37
్   U+0C4D   పొల్లు
ఠ   U+0C20
```

చూపుకి రెండక్షరాల మాట, లోపల ఏడు సంఖ్యలు. ఇందులో ఏత్వం ఎక్కడుందో చూడండి. ఫైల్లో అది య తర్వాత ఉంది. కాగితం మీద మాత్రం జ నెత్తిన కూర్చుంటుంది, య వత్తుగా మారి పక్కకి పోతుంది. అంటే దాచిన వరస వేరు, గీసే వరస వేరు. ఈ రెంటి మధ్య ఎవరో ఒకరు పని చేయాలి.

కేసు ఒకటి, కంపోజిటర్ ఒకడు

ఆ పని ఏమిటో తెలియాలంటే సీసపు అక్షరాల కాలం గుర్తు చేసుకుంటే చాలు. వావిళ్ళ వారు 1854 నుంచి తెలుగు పుస్తకాలు అచ్చు వేసిన ఊరు ఇది. అప్పటి ప్రెస్సుల్లో అక్షరాల దిమ్మలు గళ్ళ పెట్టెలో ఉండేవి. దాన్ని కేసు అనేవారు. కంపోజిటర్ రాతప్రతి చూసి, "ఇక్కడ జ్యే కావాలి" అనుకుని, సరిపడే దిమ్మలు ఏరి పేర్చేవాడు. కేసులో దిమ్మ లేకపోతే కంపోజిటర్ ఎంత నేర్పరి అయినా లాభం లేదు. కంపోజిటర్‌కి తెలుగు రాకపోతే కేసు నిండా దిమ్మలున్నా లాభం లేదు.

ఇప్పుడు కేసు స్థానంలో ఫాంటు ఉంది. అందులో అక్షరాల బొమ్మలు వందల్లో ఉంటాయి. జ వేరు, జే వేరు, య వత్తు వేరు. వాటితో పాటు "పొల్లు తర్వాత య వస్తే ఆ రెంటినీ తీసేసి ఈ వత్తు బొమ్మ పెట్టు" అనే సూత్రాల పట్టిక కూడా ఫాంటులోనే ఉంటుంది. ఆ సూత్రాలు చదివి అమలు చేసే ప్రోగ్రాం కంపోజిటర్ లాంటిది. దాన్ని షేపింగ్ ఇంజన్ అంటారు. ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, లిబ్రే ఆఫీస్‌లో ఈ పని చేసేది హార్ఫ్‌బజ్. విండోస్‌కీ ఆపిల్‌కీ వాటి సొంతవి ఉన్నాయి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు వీటిలో దేన్నీ వాడకుండా తమ సొంత ఇంజన్ పెట్టుకుంటాయి. మా గొడవ అక్కడే పుట్టింది.

డబ్బా అంటే దిమ్మ లేదని

ప్రతి ఫాంటులోనూ మొట్టమొదటి బొమ్మకి ఒక ప్రత్యేకమైన పని ఉంది. అడిగిన అక్షరం ఆ ఫాంటులో లేకపోతే దాని బదులు ఇది పడాలి. సాధారణంగా అది ఖాళీ డబ్బా. దీనికి టోఫు అని ముద్దుపేరు. గూగుల్ నోటో ఫాంట్లకి ఆ పేరు "నో టోఫు" నుంచే వచ్చింది.

షాపు కుర్రాడు బావగారి తెలుగుని తన దగ్గరున్న తమిళ కార్డు నమూనాలో పేస్టు చేశాడు. ఆ నమూనాకి పెట్టిన ఫాంటులో తమిళం తప్ప మరోటి లేదు. అందుకే అన్నీ డబ్బాలు. అదే మాట బ్రౌజర్లో పేస్టు చేస్తే డబ్బాలు రావు. ఎంచుకున్న ఫాంటులో అక్షరం లేకపోతే బ్రౌజరు చప్పుడు చేయకుండా కంప్యూటర్లోని ఇంకో తెలుగు ఫాంటు వెతికి తెచ్చుకుంటుంది. వర్డ్ కూడా అంతే. డిజైన్ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు అలా చేయదు, "నువ్వు చెప్పిన ఫాంటే" అని కూర్చుంటుంది. డిజైనర్లకి కావలసిందీ అదే, తమకి తెలియకుండా ఫాంటు మారిపోతే వాళ్ళ కొంప మునుగుతుంది.

మొత్తం కంప్యూటర్లోనే తెలుగు ఫాంటు లేకపోవడం ఇప్పుడు అరుదు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది, 7తో వాణి, 8 నుంచి నిర్మల యూఐ. విండోస్ 10లో గౌతమి, వాణి విడిగా దించుకోవాల్సిన ఫాంట్ల జాబితాలోకి వెళ్ళాయి. అందుకే గౌతమిలో చేసిన పాత పత్రం కొత్త మెషీన్‌లో తెరిస్తే అక్షరాలు బాగానే ఉన్నా వరసలు, పేజీలు జరిగిపోతాయి.

ఒకే ఒక్క అక్షరం డబ్బా అయితే కారణం ఇంకోటి కావచ్చు. ఴ, ఈ అక్షరం మీకు డబ్బాలా కనిపిస్తోందా? పాత తెలుగు శాసనాల్లో కనిపించే అక్షరం ఇది, "తమిళ్" అన్న మాట చివర వాళ్ళు పలికే ధ్వనికి దగ్గరది. యూనికోడ్‌లో 2014లో చేరింది. అంతకుముందు తయారై తర్వాత మార్చని ఫాంట్లలో దీనికి బొమ్మ ఉండదు.

ఫైర్‌ఫాక్స్‌లో ఈ డబ్బాలు ఇంకాస్త ఉపయోగంగా ఉంటాయి. డబ్బా లోపల చిన్న అంకెల్లో 0C1C లాంటి సంఖ్య రాసి ఉంటుంది. ఆ సంఖ్య కనిపించిందంటే మాట క్షేమంగా ఉందని, బొమ్మ మాత్రమే లేదని తెలిసినట్టే.

వత్తు విరిగిందంటే కంపోజిటర్ లేడని

ఫాంటు మార్చగానే దిమ్మలు దొరికాయి. ఇక కావలసింది పేర్చేవాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సూత్రాలు చదివే ఇంజన్ ఉంది గానీ, ఆన్ చేసి లేదు. దాంతో ఏడు సంఖ్యలకి ఏడు బొమ్మలు తీసి, ఫైల్లో ఉన్న వరసలోనే పక్కపక్కన అంటించింది. ఏత్వం య మీద పడింది, ఎందుకంటే ఫైల్లో అది య తర్వాతే ఉంది. జ్యేష్ఠ అన్న మాట ఎంచుకున్నది ఇందుకే. విరిగినప్పుడు అది తన లోపలి వరసను బయటపెట్టేస్తుంది.

నేను పైన చూపించిన "జ్‌యేష్‌ఠ" కాస్త నీటుగా ఉంది. షాపు తెర మీద ఉన్నది ఇంకా మోటుది. ష మీద తలకట్టు తలకట్టుగానే ఉంది, దాని పక్కన పొల్లు వేరుగా వేలాడుతోంది. ఈ తేడాని గుర్తు పెట్టుకోవాలి. తెలుగులో పొల్లు వచ్చినా, గుడి వచ్చినా, ఏత్వం వచ్చినా తలకట్టు పోవాలి. తలకట్టు పోకుండా గుర్తు దాని మీదే పడిందంటే సూత్రాలు అసలు నడవలేదు. అలా కాకుండా తలకట్టు పోయి పొల్లు శుభ్రంగా పడి, వత్తు మాత్రం కలవలేదంటే ఇంజన్ పని చేస్తోంది. అప్పుడు ఫాంటులో ఆ ఒక్క జంటకి సూత్రం లేదేమో చూడాలి, లేదా మధ్యలో కనిపించని అక్షరం ఏదైనా ఉందేమో చూడాలి.

ఫాంటుదా తప్పు, సాఫ్ట్‌వేర్‌దా అన్నది అదే మెషీన్‌లో తేలిపోతుంది. అదే మాట, అదే ఫాంటు బ్రౌజర్లోనో నోట్‌ప్యాడ్‌లోనో సరిగ్గా వచ్చి, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం విరిగితే ఫాంటు నిర్దోషి. అన్నిచోట్లా ఆ ఒక్క ఫాంటులోనే విరిగితే సూత్రాల పట్టిక ఫాంటులోనే లేదని అర్థం. ఎవరో ఏదో పనిముట్టుతో మార్చి పంచిన ఫాంట్లలో ఇది జరుగుతుంది. బొమ్మలన్నీ మిగులుతాయి, సూత్రాలు రాలిపోతాయి.

ఆండర్సన్ వీధిలో మొదటి రకం. ఇలాంటి సెట్టింగ్ చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది గానీ ఎక్కడో లోతుగా ఉంటుంది. ఉదాహరణకి ఇన్‌డిజైన్‌లో దాని పేరు `Adobe World-Ready Paragraph Composer`. కంపోజర్ అన్న పేరు చూసినప్పుడల్లా పాత కంపోజిటర్లే గుర్తొస్తారు నాకు. ఆ కుర్రాడు దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు, అవసరం రాలేదు. వాళ్ళ తమిళం పని అంతా పాతకాలపు ఫాంట్లలో జరుగుతుంది, వాటికి కంపోజిటరే అక్కర్లేదు.

ప్రశ్నార్థకాలు పడితే మాత్రం మాట పోయినట్టే

నేను ఇంకా వివరిస్తుండగానే అతను "ఇది కాకపోతే పాతదాంట్లో పెడతా సార్" అని ఇంకో ప్రోగ్రాంలో పేస్టు చేశాడు. అప్పుడు వచ్చింది ఇది:

```
??????? ???????
```

మొదటి మాటకి ఏడు, రెండో మాటకి ఏడు. "పుత్రిక" కూడా లోపల ఏడు సంఖ్యలే మరి: ప, కొమ్ము, త, పొల్లు, ర, గుడి, క. యూనికోడ్ రాకముందు రాసిన సాఫ్ట్‌వేర్‌లో 256 గుర్తులకి మించి చోటుండదు. పేజ్‌మేకర్ అలాంటిదే, దాని చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. తనకి తెలియని ప్రతి సంఖ్య బదులూ అలాంటి ప్రోగ్రాం ఒక ప్రశ్నార్థకం రాసుకుంటుంది. డబ్బాకీ దీనికీ ఉన్న తేడా ఇదే. డబ్బా వెనక మాట ఉంది. ఇక్కడ ఫైల్లోనే ఉన్నవి ప్రశ్నార్థకాలు. ఏ ఫాంటు పెట్టినా అవి తెలుగు కావు. సేవ్ చేశారంటే ఇక అంతే, అసలు ప్రతి మళ్ళీ తెచ్చుకోవాల్సిందే.

ఇలాగే భయపెట్టేది ఇంకోటుంది గానీ దాన్ని బాగు చేసుకోవచ్చు. "శ్రీ" అన్న మాట ఇలా కనిపిస్తుంది:

```
à°¶à±à°°à±€
```

యూనికోడ్ సంఖ్యల్ని ఫైల్లో రాసే పద్ధతుల్లో ఎక్కువగా వాడేది యూటీఎఫ్-8. అందులో ప్రతి తెలుగు గుర్తుకీ మూడు బైట్లు పడతాయి. శ్రీలో నాలుగు గుర్తులు కాబట్టి పన్నెండు బైట్లు. వాటిని మూడేసి చొప్పున చదవకుండా ఒక్కొక్కటీ ఒక ఇంగ్లీషు గుర్తుగా చదివితే ఈ గజిబిజి వస్తుంది. మాటిమాటికీ à కనిపించడమే దీని ఆనవాలు. తెలుగు గుర్తులన్నిటికీ మొదటి బైటు అదే. ఫైలు యూటీఎఫ్-8 అని ప్రోగ్రాంకి చెప్పి మళ్ళీ తెరిస్తే సరిపోతుంది.

పాత ఫాంట్ల వాళ్ళు చెప్పేది

ఇదంతా విన్నాక షాపు యజమాని ఒక మాట అన్నారు: "మీ యూనికోడ్ ఎందుకు సార్ ఈ టెన్షన్, అను ఫాంటులో కొట్టి తెచ్చి ఉంటే పావుగంటలో అయిపోయేది." ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు.

పాత పద్ధతిలో కంపోజిటర్ పని టైపు చేసేటప్పుడే అయిపోతుంది. A, B, C లు ఉండే 256 గళ్ళలో ఇంగ్లీషు అక్షరాల బదులు తెలుగు ముక్కల బొమ్మలు పెడతారు, వత్తు ఒకచోట, తలకట్టు ఒకచోట. కీబోర్డు ప్రోగ్రాం వాటిని గీయాల్సిన వరసలోనే ఫైల్లో పేరుస్తుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలుగు రానక్కర్లేదు, ఇంగ్లీషు అనుకుని గీసేస్తుంది. వత్తు విరిగే అవకాశమే లేదు. పెళ్ళి కార్డులకి కావలసిన అలంకారపు రకాలు వాటిలో ఎన్నో ఏళ్ళుగా పోగుపడ్డాయి. రాత్రికి కార్డు ప్లేటు ఎక్కించాల్సినవాడికి ఇవి చిన్న విషయాలు కావు.

ఇబ్బంది ఫైలు షాపు గడప దాటాకే మొదలవుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. ఒక కంపెనీ ఫాంటులో ఒక గడిలో ఉన్న ముక్క ఇంకో కంపెనీ ఫాంటులో ఇంకోచోట ఉంటుంది. అందులో "జ్యేష్ఠ" కోసం వెతికితే దొరకదు. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఏ ఫాంటు, ఏ కూర్పు అన్నది ముందు తెలియాలి.

మధ్యేమార్గం అడిగేవాళ్ళూ ఉన్నారు: యూనికోడ్‌లోనే ప్రతి పూర్తి అక్షరానికీ సొంత గడి ఇచ్చేస్తే కంపోజిటర్ గొడవే ఉండదు కదా? ఈ వాదన చెన్నైలో బలంగా వినిపించింది. గుణింతాలతో సహా తమిళ అక్షరాలన్నిటికీ విడి సంఖ్యలిచ్చే టేస్16 అనే పద్ధతిని తమిళనాడు ప్రభుత్వం 2010లో యూనికోడ్‌తో పాటు ప్రమాణంగా గుర్తించింది. తమిళానికి అలాంటి అక్షరాలు కొన్ని వందలే కాబట్టి అది ఊహకందే పని. తెలుగుకి లెక్క వేసి చూడండి. 36 హల్లులు, ఒక్కోదానికి 36 వత్తులు, అంటే 1,296 జంటలు. పదమూడు గుణింతాలతో 16,848. అన్నీ వాడుకలో లేకపోయినా, "స్త్రీ" లాంటి మూడు హల్లుల అక్షరాలు ఇంకా లెక్కలోకి రానే లేదు. ఆ సౌలభ్యం మన లిపికి చాలా ఖరీదైనదని నాకనిపిస్తుంది.

విరిగి ఉండాల్సిన చోట

అన్ని పొల్లులూ తప్పులు కావు. "సాఫ్ట్‌వేర్" అన్న మాట చూడండి. ట తర్వాత పొల్లు, ఆ తర్వాత వ. ఒప్పందం ప్రకారం వ వత్తుగా మారాలి. మారకుండా మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడతాం. దాని సంఖ్య U+200C, పొడి పేరు ZWNJ. వెడల్పు సున్నా, బొమ్మ ఉండదు. "ఇక్కడ కలపకు" అని కంపోజిటర్‌కి చెప్పే మాట అది. పైన విరిగిన జ్యేష్ఠని మీకు చూపించడానికి నేను వాడిందీ దాన్నే.

ఈ గుర్తు ఎంత చిక్కు తేగలదో 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఉన్నవాళ్ళు చూశారు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ ZWNJ, చివర దీర్ఘం. ఈ అయిదూ వరసగా ఉన్న సందేశం వస్తే చాలు, దాన్ని చూపించబోయిన ఆప్ కూలిపోయేది. దాన్ని ఎలా పేర్చాలో ఆపిల్ ఇంజన్‌కి తెలియలేదు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. అప్పుడు వార్తల్లో "తెలుగు అక్షరం" అని రాశారు గానీ, పాపం జ్ఞా తప్పేమీ లేదు.

మా కార్డు సంగతికి వస్తే, కంపోజర్ సెట్టింగ్ మార్చగానే జ్యేష్ఠ అతుక్కుంది, పుత్రిక అతుక్కుంది. కుర్రాడు కూడా తెర దగ్గరికి వంగి "ఓ, కింద పోవాలా అది" అన్నాడు. రెండో ప్రూఫు తీసుకుని పెరంబూరు వెళ్ళాను. బావగారు కళ్ళజోడు పెట్టుకుని ఆఖరి వరస దగ్గర ఆగారు. కల్యాణ మండపం అడ్రసులో అశోక్‌నగర్ కాస్తా "అశోక్నగర్" అయి కూర్చుంది. ఫోన్ చేసి అడిగితే కుర్రాడు వెంటనే చెప్పాడు: మొదట డబ్బాలు వచ్చినప్పుడు, ఫాంటు మార్చాక అన్నీ పోయినా క కి న కి మధ్య ఒక డబ్బా మిగిలిపోయిందట, అది చెత్త అనుకుని తీసేశాడట. ఆ ఫాంటులో ZWNJకి చోటు లేదు, దాన్ని దాచాల్సిన ఇంజన్ అప్పటికి ఆన్‌లో లేదు. ఈసారి నేనే ఫోన్‌లో "అశోక్‌నగర్" అని టైపు చేసి పంపాను, ఇందులో దేన్నీ తీయకు తమ్ముడూ అని.